పేరు అడిగి వెళ్ళినవాడు: నవలలో ముందే నాటిన వివరాన్ని గుర్తుపట్టడం

వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో దిగే తెలుగువాళ్ళు బెంగళూరులో బోలెడంతమంది. కూర్చోడానికి చోటు దొరికితే పొద్దున ఒక అధ్యాయం, సాయంత్రం ఒక అధ్యాయం చదువుకోవచ్చు. వారానికి ఐదు రోజుల చొప్పున పది అధ్యాయాలు. ఈ లెక్కన 59 అధ్యాయాల నవల ఆరు వారాల్లో పూర్తవుతుంది. ఇలా చదివేవాళ్ళందరికీ ఒకటే ఇబ్బంది: మొదటివారం శుక్రవారం చదివిన ఓ చిన్న సంగతి నాలుగోవారం శుక్రవారం తిరిగొచ్చేసరికి జ్ఞాపకం ఉండదు. రచయిత మోసం చేశాడని అనిపిస్తుంది, లేదా అంతా అకస్మాత్తుగా జరిగినట్టు ఉంటుంది. నిజానికి అప్పటికి మూడు వారాలుగా సమాధానం మన చేతిలోనే ఉంటుంది.

ఆ 59 అధ్యాయాల నవల చార్లెస్ డికెన్స్ రాసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు ఇది డికెన్స్ సొంత వారపత్రిక 'ఆల్ ది ఇయర్ రౌండ్'లో ధారావాహికగా వచ్చింది. ఒక వారం భాగం అచ్చయి పాఠకుల చేతికి వెళ్ళాక వెనక్కి వెళ్ళి దిద్దడానికి లేదు. ఏప్రిల్‌లో అవసరమయ్యే వివరాన్ని జనవరిలోనే అచ్చేసి ఉండాలి, మధ్యలో నెలలు గడిచినా అది పాఠకుడి మనసులో చావకుండా చూసుకోవాలి. 'తరువాయి వచ్చేవారం' చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఈ ఇబ్బంది ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. మెట్రోలో ముక్కలు ముక్కలుగా చదివేవాళ్ళు కూడా ఒక రకంగా ఆ పాత వారపత్రిక పాఠకులే.

ఒక హెచ్చరిక: ఇక్కడినుంచి ఈ నవల అసలు రహస్యం బయటపెట్టే చెబుతున్నాం. ఇంకా చదవనివాళ్ళు నవల ముగించి రావడం మేలు.

ముందు ఒక తేడా తేల్చుకోవాలి. రాబోయేదాన్ని ముందే సూచించేవి కథలో రెండు రకాలుంటాయి, మనం రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటాం. మొదటిది శకునం లాంటిది. గాలివాన వస్తుంది, దీపం ఆరిపోతుంది, ఎవరో అశుభం పలుకుతారు. ఏదో జరగబోతోందని మనసుకు తడుతుంది తప్ప, తర్వాత జరిగేదానికి ఆ దీపం కారణం కాదు. తీసేస్తే వాతావరణం పలచబడుతుంది, కథ మాత్రం ఆగదు. రెండోది బీజం. అది లేకపోతే ముగింపు నిలబడదు. శకునాన్ని ఎవరైనా పట్టుకుంటారు, ఎందుకంటే అది పట్టుబడాలనే రాస్తారు. బీజాన్ని మాత్రం మనం చూసీ చూడకుండా దాటిపోవాలనే రాస్తారు.

బీజం అన్న మాట కొత్తగా కల్పించింది కాదు. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన 'దశరూపకం' నాటకంలోని కథాసామగ్రిని ఐదు అర్థప్రకృతులుగా విడదీస్తుంది. వాటిలో మొదటిది బీజం: మొదట్లో కొద్దిగా సూచించి వదిలేసిన విషయం, తర్వాత పలు విధాలుగా విస్తరించేది. రెండోది బిందువు. మధ్యలో వేరే విషయాలు వచ్చి కథ తెగిపోయేచోట, తెగకుండా పట్టి ఉంచేది అది. నీళ్ళమీద నూనెచుక్కలా పరుచుకుంటుంది కాబట్టి ఆ పేరని వ్యాఖ్యాత వివరిస్తాడు. నవల చదివేవాళ్ళకు ఈ రెండో మాటే ఎక్కువ ఉపయోగం. బీజం ఒక్కసారి కనిపిస్తే అది బీజమో, ఉత్త వర్ణనో తేల్చడం ఎవరివల్లా కాదు. సంబంధం లేని మరో సందర్భంలో రెండోసారి కనిపించినప్పుడే, అంటే బిందువు దగ్గరే, దాన్ని పట్టుకోగలం.

ఇక నవలలోకి వెళ్దాం. సోమవారం పొద్దున, మొదటి అధ్యాయం. పిప్ అనే అనాథ పిల్లవాడు శ్మశానంలో తల్లిదండ్రుల సమాధుల దగ్గర ఉంటాడు. కాలికి ఇనుప సంకెల ఉన్న ఖైదీ ఒకడు సమాధుల మధ్యనుంచి లేచి వాణ్ణి పట్టుకుని, తినడానికి ఏదైనా, సంకెల కోసుకోడానికి ఒక ఆకురాయి తెమ్మని బెదిరిస్తాడు. ఈ దృశ్యంలో అందరికీ గుర్తుండేవి భయం, సంకెల, ఆకురాయి. గుర్తుండనిది ఖైదీ అడిగిన మొట్టమొదటి ప్రశ్న: నీ పేరేమిటి? పిల్లవాడు పిప్ అంటాడు. సరిగ్గా వినపడలేదని ఖైదీ మళ్ళీ గట్టిగా చెప్పిస్తాడు. పిప్ అన్నది వాడికి పెట్టిన పేరు కూడా కాదు. ఫిలిప్ పిరిప్ అని పలకలేక చిన్నప్పుడు తనకు తానే పెట్టుకున్న పేరని నవల మొదటి రెండు వాక్యాలే చెబుతాయి.

ఇక్కడ బీజానికి ఎంత మంచి పని అప్పజెప్పాడో చూడండి. కథ చెప్పేవాడు మొదట తన పేరు చెప్పుకోవడం సహజం. భయపెట్టే మనిషి పేరు అడగడమూ సహజం. రెండుసార్లు అడిగించడం భయాన్ని పెంచుతుంది. ఆ వివరం దృశ్యంలో తన కూలి తాను సంపాదించుకుంటోంది కాబట్టి ఇది ఇక్కడ ఎందుకుందని మనకు తోచదు. అనుభవమున్న రచయితలు బీజాన్ని దాచే పద్ధతి ఇదే. వివరాన్ని మూలన పెట్టి కప్పరు, దానికి ఉన్నచోటే ఒక చిన్న ఉద్యోగం ఇస్తారు.

మొదటివారం శుక్రవారం సాయంత్రం, పదో అధ్యాయం. పిప్ తన బావ జో గార్జరీని వెంటబెట్టుకుని రావడానికి ఊళ్ళోని సారా దుకాణానికి వెళ్తాడు. అక్కడ ఎవరో కొత్తమనిషి కూర్చుని ఉంటాడు. అతడు తన గ్లాసులోని రమ్మును చెంచాతో కాక ఆకురాయితో కలుపుతాడు, అదీ పిప్ ఒక్కడికే కనబడేలా. ఖైదీకి పిప్ ఇచ్చిన ఆకురాయి అదే. వెళ్ళేముందు పిల్లవాడి చేతిలో నలిగిన కాగితంలో చుట్టిన షిల్లింగు పెడతాడు. ఇంటికెళ్ళి చూస్తే ఆ కాగితాలు రెండు ఒక్క పౌండు నోట్లు.

ఆకురాయి మెరుస్తుంటే దాని పక్కనున్నది కనపడదు. ఆకురాయి తీయకముందు ఆ కొత్తమనిషి జోను వరసగా ప్రశ్నలు అడుగుతాడు. ఈ పిల్లవాడు నీ కొడుకా, మేనల్లుడా? ఏమని పిలుస్తావు? పిప్ అని జో చెప్పగానే, అది పెట్టిన పేరేనా, ఇంటిపేరా అని తరచి అడుగుతాడు. సారా దుకాణంలో కాలక్షేపానికి మాట కలిపినవాడికి ఒక పిల్లవాడి పేరు పుట్టుపూర్వోత్తరాలతో పనేమిటి? అతడు చేస్తున్నది పోల్చుకోవడం. ఎవరో ఇతనికి పిప్ అన్న ఒక్క మాట చెప్పి పంపారు. అంటే దూరాన ఉన్న ఆ మనిషికి పిల్లవాడి గురించి తెలిసింది ఆ ఒక్క పేరే. ఇదే బిందువు.

ఇది కనిపించకపోవడం పాఠకుడి అజాగ్రత్త కాదు. ఒకే దృశ్యంలో పెద్ద వింత, చిన్న వింత పక్కపక్కన ఉంటే మనసు పెద్దదాన్ని పట్టుకుని ఇక చూడటం మానేస్తుంది. ఆకురాయి దొరికింది, కాబట్టి ఈ దృశ్యంలో దొరకాల్సింది దొరికిందనుకుంటాం. కాబట్టి ఏదైనా అధ్యాయంలో కొట్టొచ్చినట్టు కనిపించే వస్తువు ఉంటే, ఆ వస్తువు రాకముందు అరపేజీలో జరిగిన మాటలు ఇంకోసారి చదవాలి. రెండు నిమిషాల పని. ఈ వ్యాసంలో చెప్పే చిట్కాల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేననుకుంటాం.

రెండోవారం మంగళవారం, 13వ అధ్యాయం. ఈలోగా పిప్ ఊళ్ళోని ధనవంతురాలు మిస్ హావిషామ్ ఇంటికి వెళ్ళివస్తుంటాడు. పెళ్ళిరోజున వరుడు ఎగ్గొట్టి పోతే గడియారాలన్నీ ఎనిమిదీ నలభై దగ్గర ఆపేసి, పెళ్ళిబట్టలతోనే ముసలిదైపోయిన మనిషి ఆవిడ. ఇప్పుడు పిప్‌ను కమ్మరిపనిలో చేర్చే ఒప్పందం కోసం జోను పిలిపించి 25 గినీలు ఇస్తుంది. జో బెదిరిపోయి, ఆవిడ అడిగిన ప్రతిదానికీ ఆవిడవైపు కాక పిప్ వైపు తిరిగి జవాబు చెబుతాడు. పిల్లవాడు సిగ్గుతో చచ్చిపోతాడు, మనం నవ్వుకుంటాం. ఆ నవ్వు అడుగున ఒక మాట వెళ్ళిపోతుంది. ఇది వీడి బహుమానం, ఇంతకుమించి మరేదీ ఆశించవద్దు అని ఆవిడ జోతో స్పష్టంగా చెబుతుంది. ఇంకా రావాలా అని పిప్ అడిగితే వద్దంటుంది. లెక్క తేల్చేసింది, తలుపు మూసేసింది.

అదే వారం గురువారం, 18వ అధ్యాయం. పిప్ కమ్మరిపనిలో చేరిన నాలుగో ఏడాదిలో లండన్ నుంచి జాగర్స్ అనే లాయరు వచ్చి, పిప్‌కు పెద్ద ఆస్తి రాబోతోందని, వాణ్ణి పెద్దమనిషిగా పెంచాలని ఎవరో కోరారని చెబుతాడు. షరతులున్నాయి. దాత ఎవరో తనంతట తాను చెప్పేవరకు అడగకూడదన్నది రెండో షరతు. అందరి చూపూ దాని మీదే, ఎందుకంటే రహస్యం అక్కడుంది. మొదటి షరతు తేలిగ్గా, దాదాపు పరిహాసంలా వచ్చిపోతుంది: ఎప్పుడూ పిప్ అనే పేరే ఉంచుకోవాలి.

ఇప్పుడు మూడు సందర్భాలు వరసన పెట్టండి. శ్మశానంలో ఖైదీ పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. సారా దుకాణంలో వాడి మనిషి పేరు నిర్ధారించుకున్నాడు. ఇప్పుడు ఎవరో ఆ పేరు మార్చొద్దంటున్నారు. పేరు మారితే మనిషిని కనుక్కోలేని భయం ఎవరికుంటుంది? పక్క ఊళ్ళో ఉండి, పిల్లవాణ్ణి కళ్ళముందు చూసిన ముసలావిడకా, సముద్రాల అవతల ఉండి ఒక్క పేరు తప్ప ఇంకేమీ తెలియని ఆ ఖైదీకా?

ఇది రుజువు కాదని కూడా ఒప్పుకోవాలి. మిస్ హావిషామ్‌కు కూడా వాడు పిప్ గానే తెలుసు. ఆవిడే ఆ షరతు పెట్టిందని వాదించడానికి వీలుంది. పైగా జాగర్స్ ఆవిడకు కూడా లాయరు, 11వ అధ్యాయంలో ఆవిడ ఇంటి మెట్లమీద సబ్బు వాసన కొట్టే చేతులతో పిప్‌కు ఎదురైనవాడే. పిప్‌కు చదువు చెప్పబోయే మాథ్యూ పాకెట్ ఆవిడ బంధువే. దాత ఆవిడేనని పిప్ అనుకోవడంలో వింతేమీ లేదు, మనమూ అలాగే అనుకుంటాం. తప్పుదారి పట్టించే వివరాల్లో అబద్ధం ఉండదు. అవన్నీ నిజాలే, కాకపోతే వాటిని కలిపిన దారం మనది.

ఆ దారం మనదేనని డికెన్స్ అదే అధ్యాయంలో చెప్పాడు కూడా. మాథ్యూ పాకెట్‌ను సిఫారసు చేసినందుకు కృతజ్ఞతలని పిప్ అనబోతే జాగర్స్ ఆపేస్తాడు. సిఫారసు అనకు, ఇంకో మాట వెతుక్కో అంటాడు. ఆ పేరు ప్రస్తావించినందుకు అని పిప్ సవరించుకున్నాక ఊరుకుంటాడు. ఇది లాయరు చాదస్తంలా చదివి నవ్వుకుంటాం. కానీ ఒక పాత్ర ఒక మాటను ఒప్పుకోకుండా మరో మాటకోసం పట్టుబట్టిందంటే అక్కడ గీత గీయాలి. సిఫారసు అంటే దాని వెనక ఒకరి ఇష్టం ఉంటుంది, ప్రస్తావనకు ఆ బరువు లేదు. పిప్ అల్లుకుంటున్న ఊహకు తాను సాక్షిగా నిలబడనని జాగర్స్ చెబుతున్నాడు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ సన్నివేశం కష్టపెడుతుంది. జాగర్స్ దాతను ఎప్పుడూ 'ఆ వ్యక్తి' అనే ఆచితూచి అంటాడు. తెలుగు క్రియలో ఆడా మగా బయటపడిపోతుంది: 'చెబుతాడు' అంటే గుట్టు రట్టు, 'చెబుతుంది' అంటే అబద్ధం. గౌరవవాచకం ఒక్కటే అనువాదకుణ్ణి కాపాడుతుంది, 'వారు చెబుతారు'. ఏ నవల తెలుగు అనువాదంలోనైనా ఒక అజ్ఞాత పాత్రను మొదటినుంచి చివరిదాకా 'వారు' అనే అంటుంటే, గౌరవం కాక ఇంకేదైనా కారణం ఉందేమో చూడటం దండగ కాదు.

మర్నాడు, శుక్రవారం, 19వ అధ్యాయం. ఇక్కడ డికెన్స్ చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. కొత్తబట్టలు వేసుకుని పిప్ మిస్ హావిషామ్ దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్తాడు. ఆవిడ బంధువు సారా పాకెట్ అక్కడే నిలబడి కుళ్ళిపోతూ చూస్తుంటుంది. జాగర్స్ ద్వారా సంగతి విన్నానని మిస్ హావిషామ్ అంటుంది, ఎవరో ధనికులు నిన్ను చేరదీశారట కదా అంటుంది, చివర్లో 'నువ్వెప్పుడూ పిప్ పేరే ఉంచుకుంటావు, తెలుసుగా' అంటుంది. అంతే, పిప్‌కు అనుమానమే లేకుండా పోయింది. మనకూ పోయింది. పేరు షరతు ఎవరిదా అని అంతకుముందు అధ్యాయంలో లేశమాత్రం సందేహించినవాళ్ళ నోరు కూడా ఆ ఒక్క వాక్యం మూసేసింది. బీజం మొలకెత్తి కనబడబోతుంటే రచయిత దానిమీద ఇంకొకరి పేరుతో బోర్డు పాతేశాడు.

కానీ ఆవిడ అన్న మాటలు మాత్రమే విడిగా రాసుకుని చూడండి. ఎక్కడా నేనిచ్చానని లేదు. ఎవరో ధనికులు అంది, జాగర్స్ నీ సంరక్షకుడా అని అడిగింది, ఇచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలా అవి? సారా ముఖం మాడటం చూసి ఆనందిస్తోంది, అంతవరకే ఆవిడకు కావలసింది. 44వ అధ్యాయంలో పిప్ నిలదీస్తే, నువ్వు అపోహపడితే పడనిచ్చానని, జాగర్స్ ఇద్దరికీ లాయరు కావడం యాదృచ్ఛికమేనని ఆవిడే ఒప్పుకుంటుంది.

ఈ నవల పట్టిచ్చే కిటుకు ఇక్కడుంది. డికెన్స్ ఒక్క వాస్తవం కూడా దాచలేదు. వాటిని మనకు కనపడకుండా చేసింది పిప్ కోరిక. మిస్ హావిషామ్ పెంచుతున్న ఎస్టెల్లాను వాడు ప్రేమిస్తున్నాడు, దాత మిస్ హావిషామ్ అయితే ఎస్టెల్లా కూడా తనకోసమే. కాబట్టి కంటికి కనిపించిన ప్రతిదాన్నీ ఆ వైపుకే తిప్పి మనకు చెబుతాడు. 'నేను' అని చెప్పే కథలో మనకు రెండు వస్తాయి: చెప్పేవాడు చూసినది, దానికి చెప్పేవాడు ఇచ్చిన అర్థం. రెండూ ఒకే వాక్యంలో కలిసి వస్తాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. విడదీయడమే చదవడంలో పని.

విడదీయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పుస్తకంలో గుర్తుగా పెట్టుకునే కాగితం ముక్క చాలు. అధ్యాయం అయ్యాక దిగేముందు ఒకే ఒక్క పంక్తి రాయాలి: అధ్యాయం సంఖ్య, కంటికి కనిపించింది లేదా చెవికి వినిపించింది, దానిలో జవాబు దొరకని భాగం. అర్థం రాయకూడదు. '10: కొత్తమనిషి, ఖైదీ స్నేహితుడు' అని రాస్తే అది ఊహ, మర్నాటికి వాస్తవంగా మారి కూర్చుంటుంది. '10: కొత్తమనిషి పేరు గురించి మూడుసార్లు అడిగాడు, ఎందుకు?' అని రాస్తే అది ఎప్పటికీ తెరిచే ఉంటుంది. 13కు 'ఇంతకుమించి ఆశించవద్దు అంది', 18కి 'పేరు మార్చకూడదట, ఎవరికి కావాలి? సిఫారసు అన్న మాట ఒప్పుకోలేదు', 19కి 'పేరు ఉంచుకొమ్మంది, తానిచ్చానని అనలేదు'. నాలుగు పంక్తులు. శుక్రవారం సాయంత్రం ఆ కాగితాన్ని పైనుంచి కిందికి ఒకసారి చదవాలి. ఒకే మాట రెండు పంక్తుల్లో కనిపిస్తే దాని కింద గీత. రెండోవారం ముగిసేసరికి 'పేరు' అన్న మాట కింద మూడు గీతలుంటాయి.

అధ్యాయానికి ఒక్క పంక్తే అన్న నియమం సడలించకూడదు. పది పంక్తులు రాసేవాళ్ళకు ఏదీ దొరకదు, ఎందుకంటే వర్షం, గుర్రబ్బండి, మాంసం ముక్క అన్నీ సాక్ష్యాలైపోతాయి. రహస్య నవలలు ఎక్కువ చదివినవాళ్ళకు ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. నవలలో చాలా వివరాలు ఆ ఇల్లు ఇల్లులా, ఆ ఊరు ఊరులా కనిపించడానికే ఉంటాయి. ఒక వారం పాటు మళ్ళీ కనిపించని వివరాన్ని కొట్టేయడానికి సంకోచించనక్కర్లేదు. నిజంగా బీజమైతే రచయితే దాన్ని తిరిగి తెస్తాడు, పాఠకుడు మరిచిపోతే నష్టం రచయితకే.

డికెన్స్ తెచ్చాడు. మూడోవారం గురువారం, 28వ అధ్యాయం. పిప్ లండన్ నుంచి సొంతూరికి గుర్రబ్బండిలో వెళ్తుంటే అదే బండిలో ఇద్దరు ఖైదీలను తీసుకెళ్తుంటారు. వాళ్ళలో ఒకడు ఆకురాయితో రమ్ము కలిపినవాడే. తనకు అన్నం పెట్టి రహస్యం కాపాడిన పిల్లవాడికి ఇవ్వమని ఒకడు రెండు పౌండు నోట్లు ఇచ్చాడని వాడు పక్కవాడితో చెబుతుంటే పిప్ వింటాడు. కథకు ఈ ప్రయాణంలో వేరే పనేమీ లేదు. తీసేసినా ఏదీ ఆగదు. సరిగ్గా అందుకే అనుమానించాలి. దాదాపు సగం నవల దగ్గర, పాతదాన్ని మళ్ళీ గుర్తుచేయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని సన్నివేశం వచ్చిందంటే, ఆ పాతది ఇంకా బాకీ ఉందన్నమాట. ఖైదీకి మనసులో ఆ పిల్లవాడు ఉన్నాడని, డబ్బు పంపే అలవాటు ఉందని కూడా ఇక్కడే తెలిసిపోయింది. పిప్ మాత్రం తనను గుర్తుపడతారేమోనన్న భయంతో వణికిపోతాడు. భయపడుతున్నవాడు ఆలోచించడు, వాడి పక్కన కూర్చున్న మనమూ ఆలోచించం.

నాలుగోవారం శుక్రవారం పొద్దున, 39వ అధ్యాయం. పిప్‌కు ఇప్పుడు 23 ఏళ్ళు. గాలివాన రాత్రి, మెట్లమీద అడుగుల చప్పుడు. ఎవరు కావాలని పైనుంచి పిప్ అడుగుతాడు. కింద చీకట్లోంచి వచ్చే జవాబు: పై అంతస్తు, మిస్టర్ పిప్. శ్మశానంలో మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబే తిరిగి వచ్చింది. ఆ ఖైదీ మాగ్విచ్ ఆస్ట్రేలియాలో సంపాదించినదంతా ఈ పిల్లవాడి పేరన పెట్టాడు. గాలివాన ఇక్కడ శకునం, అందరూ దాన్ని చూస్తారు. పేరు బీజం.

అదే సాయంత్రం చదివే 40వ అధ్యాయంలో పిప్ జాగర్స్ దగ్గరికి పరుగెడతాడు. చూడ్డానికి ఎలా ఉందో దాన్నిబట్టి దేన్నీ నమ్మకు, సాక్ష్యాన్నిబట్టి నమ్ము అని లాయరు అంటాడు. పాఠకుడికి చెప్పాల్సిన మాట, కాస్త ఆలస్యంగా.

ఇదే నవలలో ఇంకో బీజం పూర్తిగా వేరే పద్ధతిలో నాటారు. పేరును మనం చూడకుండా దాచారు, ఈ రెండోదాన్ని మాత్రం ఇదిగో ఇక్కడ ఏదో ఉందని వేలు పెట్టి చూపిస్తారు. 26వ అధ్యాయంలో జాగర్స్ ఇంట్లో భోజనం దగ్గర వంటమనిషి మోలీ మణికట్టు పట్టుకుని, దాని బలం చూడమని అతిథులకు ప్రదర్శిస్తాడు. 29లో ఎస్టెల్లా కదలకుండా నిలబడి చూసినప్పుడు పిప్‌కు ఏదో తడుతుంది, ఏమిటది అని తనను తానే అడుగుతాడు, మిస్ హావిషామ్‌లో చూసినదేమైనా కాదు కదా అనుకుని కాదని తేల్చుకుంటాడు. 32 చివర బండి కిటికీలో ఆమె ముఖం, ఊపుతున్న చెయ్యి చూసి మళ్ళీ అదే పేరులేని నీడ. 33లో బండిలో వెళ్తూ, జెరార్డ్ వీధిలోని జాగర్స్ ఇంట్లో తిన్న భోజనం గురించి పిప్ ఆమెకు చెప్పబోతుంటే, హఠాత్తుగా మీదపడిన దీపాల వెలుగులో మళ్ళీ.

కథకుడే ఏదో ఉందని మూడు అధ్యాయాల్లో చెప్పాక గమనించడం గొప్పేమీ కాదు. ఇక్కడ కష్టం కలపడంలో ఉంది. కాబట్టి కాగితంమీద ప్రశ్న మారాలి. 'ఏమిటది' అని కాక, ఆ అనుభూతి కలిగిన మూడుచోట్లా కళ్ళముందు, మాటల్లో ఏముంది అని రాసుకోవాలి. కదలకుండా చూసే చూపు, చెయ్యి, జాగర్స్ ఇంటి భోజనం. మూడూ కలిపి చదివితే ఆ భోజనం దగ్గర చెయ్యి చూపించినది ఎవరో తెలుస్తుంది. ఐదోవారం మంగళవారం, 44లో పిప్ మనసు విప్పి చెబుతుంటే ఎస్టెల్లా అల్లుకుంటూనే ఉంటుంది, వేళ్ళు ఆగవు. అది ఎంత నిర్దయగా ఉంటుందంటే అల్లిక మనకు ఆమె స్వభావంలాగే కనిపిస్తుంది. 48లో మోలీ వేళ్ళు ఏదో అల్లుతున్నట్టు కదలడం చూసినప్పుడు పిప్‌కు అన్నీ ఒకేసారి కలుస్తాయి: ఎస్టెల్లా తల్లి ఈమే. మూడుచోట్లా పిప్ చూసింది పోలిక. మిస్ హావిషామ్ పోలిక కాదని వాడే 29లో చెప్పేశాడు, మనం ఆ 'కాదు'ను అంత పట్టించుకోలేదు. కథకుడు ఒక జవాబును కొట్టేసి అసలు జవాబు చెప్పకుండా ముందుకుపోతే, ఆ కొట్టివేత కూడా ఒక పంక్తి రాసుకోదగ్గదే.

ఇక పాడుచేసేవాటి గురించి. పాత ప్రసిద్ధ నవలలకు ముందుమాట రాసేవాళ్ళు కథంతా తెలిసినవాళ్ళకోసమే రాస్తారు, మొదటి పది పేజీల్లోనే దాత ఎవరో చెప్పేస్తారు. ముందుమాట ఆఖర్న చదవాలి. చర్చ్ స్ట్రీట్‌లో కొన్న పాత ప్రతుల్లో వెనకటి యజమాని పెన్సిలు గీతలు ఇదే పని చేస్తాయి. 18వ అధ్యాయంలో పేరు షరతు కింద గీత, పక్కన ఆశ్చర్యార్థకం ఉంటే ఇక మిగిలేదేముంది. కొనేముందు మధ్యలో నాలుగు పేజీలు తిప్పి చూడాలి.

ఫోనులోనో, కిండిల్‌లోనో చదివేవాళ్ళకు వెతుకుడు పెట్టె ఒక ఉచ్చు. ఫలానా మాట ఇంతకుముందు ఎక్కడ వచ్చిందని వెతికితే, ముందు రాబోయే చోట్లు కూడా వాక్యాలతోసహా జాబితాలో వచ్చేస్తాయి. అయినా పేరులాంటి బీజానికి వెతుకుడు పనికిరాదు. పిప్ అని కొడితే దాదాపు ప్రతి పేజీ వస్తుంది. మనమే రంగు వేసి పెట్టుకున్న వాక్యాలను తిరగేసుకోవడం ఒక్కటే దారి.

సంక్షిప్త ప్రతులు అన్నిటికంటే ప్రమాదం. కథను కుదించేవాళ్ళు కథకు అవసరం లేనివి తీసేస్తారు. అవసరం లేనట్టు కనిపించడమే బీజం లక్షణం కాబట్టి కత్తెర ముందు దానిమీదే పడుతుంది. 28వ అధ్యాయపు బండి ప్రయాణం, జో అడ్డదిడ్డం జవాబుల మధ్య ఆవిడ అన్న ఆఖరి మాట, సిఫారసు అన్న పదంమీద లాయరు పేచీ ఇలాంటివే. అవి పోయాక 39వ అధ్యాయం నిజంగానే ఆకాశంలోంచి ఊడిపడినట్టుంటుంది. చేతిలోని ప్రతి పూర్తిదో కాదో తెలుసుకోవాలంటే చివరి అధ్యాయం సంఖ్య చూస్తే చాలు, 59 ఉండాలి. మూడు సంపుటాలుగా వచ్చిన 1861 నాటి ముద్రణను అనుసరించే ప్రతుల్లో ప్రతి సంపుటానికీ లెక్క మళ్ళీ ఒకటినుంచి మొదలవుతుంది, దాన్ని చూసి కంగారు పడకూడదు.

రెండోసారి చదవాలనుకునేవాళ్ళు నవలంతా చదవనక్కర్లేదు. 1, 10, 13, 18, 19, 28 అధ్యాయాలు వరసగా చదివి, వెంటనే 39 తెరవండి. మెట్రోలో మూడున్నర రోజుల పని. పిప్ ఏమనుకున్నాడో రాసిన వాక్యాలను దాటేసి, ఎవరు ఏమన్నారో అదొక్కటే చదవండి. జాగర్స్, మిస్ హావిషామ్ ఇద్దరూ ఎంత జాగ్రత్తగా మాట్లాడారో అప్పుడు వినిపిస్తుంది.